గరుకు నేపథ్యంలో వస్తువును ఆనవాలు లేకుండా తీసేయడం: గింప్ హీల్ టూల్, డబ్బు పెట్టి కొనే ఎడిటర్లు

ఫొటోలో అక్కరలేని వస్తువును తీసేసినప్పుడు ఆ చోట మిగిలే ఖాళీలో మూడు విషయాలు కుదరాలి. మొదటిది వెలుగు, రంగు. చుట్టూ ఉన్న చోటు ఎంత ప్రకాశంగా ఉందో పూడ్చిన చోటూ అంతే ఉండాలి. రెండోది గరుకుదనం. ఇసుక రేణువులో, గోడ పూతలోని నలుసులో, గడ్డి పోచలో, బట్ట నేతలో ఏవి ఉంటే అవి అదే పరిమాణంలో, అదే పదునుతో కనిపించాలి. మూడోది గీతలు. రాళ్ళ మధ్య జాయింట్లు, ఇటుక వరసలు, చాప అల్లిక వంటివి ఖాళీకి ఇటు పక్క ఎక్కడ ఆగాయో అటు పక్క అక్కడే అందుకోవాలి. నీలాకాశం మీద ఎగిరే పక్షిని తీసేయడానికి మొదటిది కుదిరితే చాలు కనుక ఏ ఎడిటరైనా ఆ పని చేసేస్తుంది. గరుకు నేపథ్యంలో మూడూ ఒకేసారి కుదరాలి. ఉచిత ఎడిటర్లకూ, డబ్బు పెట్టి కొనేవాటికీ ఉన్న అసలు తేడా తెలిసేది ఇక్కడే.

ఈ పోలికలో ఉచిత పక్షాన గింప్‌ను, అందులోని హీల్, క్లోన్ టూల్స్‌ను, దానికి జోడించుకునే రీసింథసైజర్ ప్లగిన్‌ను తీసుకోవడం సబబు. రెండో పక్షాన నెలవారీ చందా కట్టి వాడే ఫొటోషాప్‌ను తీసుకోవచ్చు. ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. గింప్ హీల్ టూల్ ఒక్కదాన్నే ఫొటోషాప్ మొత్తంతో పోల్చి ఉచిత సాఫ్ట్‌వేర్ పనికిరాదని తేల్చేయడం తరచుగా జరుగుతుంది. అది న్యాయమైన పోలిక కాదు. హీల్‌ను ఫొటోషాప్‌లోని హీలింగ్ బ్రష్‌తోనూ, రీసింథసైజర్‌ను కంటెంట్ అవేర్ ఫిల్‌తోనూ పోల్చాలి.

హీల్ టూల్ లోపల జరిగే పని

ఫొటోషాప్‌లో హీలింగ్ బ్రష్ 2002లో 7.0 వెర్షన్‌తో వచ్చింది. గింప్‌లో హీల్ టూల్ 2007లో 2.4 వెర్షన్‌తో వచ్చింది. రెండింటి వెనుక ఉన్న ఆలోచన ఒకే కుటుంబానిది. క్లోన్ టూల్ ఒక చోటి పిక్సెళ్ళను ఉన్నవి ఉన్నట్టుగా ఇంకో చోట అతికిస్తుంది. హీల్ అలా చేయదు. సోర్స్ నుంచి గరుకుదనాన్ని మాత్రమే తీసుకుని, వెలుగునూ రంగునూ అతికించే చోటి అంచుల నుంచి తీసుకుంటుంది. గింప్ ఇందుకోసం అతికించే చోటికీ సోర్స్‌కూ మధ్య ఉన్న తేడాను అంచు వెంబడి కొలిచి, ఆ తేడాను లోపలికి నున్నగా పరిచి, దాన్ని సోర్స్ పిక్సెళ్ళకు కలుపుతుంది.

అంకెల్లో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వెలుగును 0 నుంచి 255 వరకు కొలుస్తారు. ఎండ పడిన గోడ భాగంలో సగటు వెలుగు 150 ఉండి, గరుకు వల్ల ఒక్కో పిక్సెల్ దానికి 20 అటూ ఇటూ ఊగుతోందనుకుందాం. పూడ్చవలసిన చోటు కాస్త నీడలో ఉండి, దాని అంచున సగటు 110 ఉంది. హీల్ 40 తగ్గించి అతికిస్తుంది. సగటు 110కి చక్కగా దిగుతుంది కానీ ఊపు మాత్రం 20 గానే ఉండిపోతుంది. నిజానికి వెలుగు తగ్గితే గరుకు ఊపు కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది కాబట్టి నీడలోని అదే గోడలో ఊపు సుమారు 15 ఉండాలి. అందుకే ఎండ చోటు నుంచి తెచ్చి నీడలో హీల్ చేసిన ముక్కకు రంగు కుదిరినా, గరుకు మాత్రం చుట్టుపక్కల కన్నా మొరటుగా కనిపిస్తుంది. హీల్ ఎలాగూ రంగు సరిచేస్తుంది కదా అని సోర్స్‌ను ఎక్కడ పడితే అక్కడ ఎంచుకోకూడదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. ఒకే రకం ఉపరితలం, ఒకే వెలుగు, కెమెరా నుంచి ఒకే దూరం ఉన్న చోటే సోర్స్ కావాలి. దూరం మాట కూడా ముఖ్యమే. నేల మీది కంకర ఫొటో కింది భాగంలో పెద్దదిగా, పైకి వెళ్ళేకొద్దీ చిన్నదిగా కనిపిస్తుంది. కింది కంకరను పైన అతికిస్తే రంగు ఎంత కుదిరినా చూసినవారు వెంటనే పట్టేస్తారు.

హీల్ పనితీరులోనే దాని పెద్ద బలహీనత కూడా ఉంది. వెలుగు అంచు నుంచి వస్తుంది కనుక ఆ అంచు శుభ్రంగా ఉండాలి. బ్రష్ అంచు తీసేయవలసిన వస్తువును తాకితే ఆ వస్తువు రంగు లోపలికి పాకి, మసి పూసినట్టు మరక మిగులుతుంది. ఈ విషయంలో గింప్‌కూ ఫొటోషాప్‌కూ ఒక తేడా ఉంది. మౌస్‌ను లాగుతూ పోతుంటే గింప్ ఒక్కో బ్రష్ ముద్రకూ విడివిడిగా లెక్క కడుతూ వెళుతుంది. ఫొటోషాప్ మౌస్ వదిలేదాకా ఆగి, స్ట్రోక్ మొత్తానికి ఒకేసారి లెక్క కడుతుంది. గుండ్రటి మచ్చ మీద ఈ తేడా కనబడదు, ఎందుకంటే మచ్చ కన్నా పెద్ద బ్రష్ పెట్టి ఒక్కసారి నొక్కితే రెండింటిలోనూ అంచు శుభ్రంగానే ఉంటుంది. కరెంటు తీగ, నీళ్ళ పైపు, కర్ర వంటి పొడవాటి వస్తువుల దగ్గర మాత్రం గింప్‌లో ప్రతి ముద్ర అంచూ ఇంకా తీసేయని భాగాన్ని తాకుతూనే ఉంటుంది. బ్రష్ ఎంత వెడల్పు పెట్టినా పైపు పొడవునా ముందున్న భాగం తగలక తప్పదు. గింప్ హీల్ తీగలను తుడవలేక మసక చారలు మిగులుస్తుందన్న ఫిర్యాదుకు మూలం ఇదే. అందుకే గింప్‌లో పొడవాటి వస్తువును ముందు క్లోన్‌తోనో రీసింథసైజర్‌తోనో తీసేసి, వెలుగు సరిచేయడానికి మాత్రమే చివర్లో హీల్ వాడాలి. ఈ వరస పాటిస్తే ఫిర్యాదులో చాలా భాగం పోతుంది.

బ్రష్ అంచు ఎంత గట్టిగా ఉండాలన్నది రెండో విషయం. మెత్తటి అంచు అయితే బాగా కలిసిపోతుందని అనిపిస్తుంది. నున్నటి చర్మం మీద అది నిజమే కానీ గరుకు మీద కాదు. మెత్తటి అంచు దగ్గర పాత గరుకూ కొత్త గరుకూ సగం సగం కలుస్తాయి. ఒకదానితో ఒకటి పొంతన లేని రెండు గరుకులను అలా కలిపితే ఒకదాని ఎగుడును రెండోదాని దిగుడు కొంత రద్దు చేసి, ఊపు దాదాపు 70 శాతానికి పడిపోతుంది. అలా పూడ్చిన చోటు చుట్టూ మసక వలయం ఏర్పడుతుంది. అందుచేత గరుకు మీద హార్డ్‌నెస్ 75 నుంచి 100 మధ్య ఉంచడం మేలు. అంచు కలపడం హీల్ లెక్కే చూసుకుంటుంది, బ్రష్ మెత్తదనం ఆ పని చేయనక్కరలేదు. ఫొటోషాప్ హీలింగ్ బ్రష్‌లో దీనికి తోడు డిఫ్యూజన్ అనే మీట 1 నుంచి 7 వరకు ఉంటుంది. గరుకు ఎక్కువైన చోట తక్కువ అంకె, నున్నటి చోట ఎక్కువ అంకె పెట్టాలి. గింప్ హీల్‌లో దీనికి సాటి వచ్చే మీట లేదు.

మూడోది అలైన్‌మెంట్. గింప్‌లో ఈ ఆప్షన్ మొదట None మీద ఉంటుంది. అంటే ప్రతి కొత్త స్ట్రోక్ మళ్ళీ అదే సోర్స్ చుక్క దగ్గర మొదలవుతుంది. గోడ మీద ఒకే నలుపు చుక్క, ఒకే పెచ్చు నాలుగు చోట్ల కనిపించడానికి ఎక్కువగా ఇదే కారణం. దాన్ని Aligned కి మార్చితే సోర్స్ బ్రష్‌తో పాటే సమదూరంలో కదులుతుంది. అలా మార్చినా మధ్యమధ్య Ctrl నొక్కి క్లిక్ చేసి కొత్త సోర్స్ తీసుకుంటూ ఉండాలి.

పూడ్చే పనిని యంత్రానికి అప్పగించే పద్ధతులు

హీల్‌లో సోర్స్‌ను మనిషి ఎంచుకుంటాడు. ఆ ఎంపికను కూడా ప్రోగ్రామే చేసుకునేది రెండో తరహా. దీనికి పునాది 1999లో ఎఫ్రోస్, లెంగ్ ప్రచురించిన పద్ధతి. ఖాళీ అంచున ఉన్న ఒక్కో పిక్సెల్ చుట్టుపక్కల ఏమున్నాయో చూసి, అలాంటి పొరుగు బొమ్మలో ఇంకెక్కడ ఉందో వెతికి, అక్కడి పిక్సెల్‌ను తెచ్చి నింపడం దాని సారాంశం. పాల్ హారిసన్ రాసిన రీసింథసైజర్ ఈ దారిలోదే. దాని వివరాలు ఆయన ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయానికి 2005లో సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఉన్నాయి. ఫొటోషాప్‌లో కంటెంట్ అవేర్ ఫిల్ వచ్చింది 2010లో, సీఎస్5తో. దాని వేగానికి కారణం 2009లో ప్రచురితమైన ప్యాచ్‌మ్యాచ్ అనే వెతుకులాట పద్ధతి. అంటే ఈ సదుపాయం గింప్ వాడేవారికి ఫొటోషాప్ వాడేవారి కన్నా ముందే అందింది. దీన్ని గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే ఉచితమంటే ఎప్పుడూ వెనకబడినదే అనే భావన ఈ ఒక్క రంగంలోనైనా నిలవదు.

రీసింథసైజర్ గింప్‌తో పాటు రాదు, విడిగా చేర్చుకోవాలి. చేర్చుకునేటప్పుడు వెర్షన్ చూసుకోవాలి. 2025లో గింప్ 3.0 వచ్చాక 2.10 కోసం తయారైన పాత ప్లగిన్లు అందులో పనిచేయవు. సరిగ్గా చేరితే Filters > Enhance > Heal Selection అన్న చోట కనిపిస్తుంది. అందులో అడిగేవి మూడే. మొదటిది సెలక్షన్ చుట్టూ ఎన్ని పిక్సెళ్ళ వెడల్పు పట్టీ నుంచి నమూనా తీసుకోవాలన్నది, మామూలుగా 50 ఉంటుంది. రెండోది ఆ నమూనా అన్ని వైపుల నుంచా, ఇరుపక్కల నుంచా, పైనా కిందా నుంచా అన్నది. మూడోది నింపే వరస, అంటే అంచు నుంచి లోపలికా, లోపలి నుంచి బయటికా, ఎలా పడితే అలాగా అన్నది. జీమిక్ అనే మరో ఉచిత ప్లగిన్‌లోనూ ఇన్‌పెయింట్ పేరుతో ఇలాంటి ఫిల్టర్లు ఉన్నాయి. అందులో తీసేయవలసిన చోటికి ముందుగా ఎర్ర రంగు పూయాలి.

ఫొటోషాప్ ఈ పనికి 2018 చివరి నుంచి ప్రత్యేక కిటికీ ఇస్తోంది. అందులో నమూనా తీసుకునే ప్రాంతం ఆకుపచ్చగా కనిపిస్తుంది. అక్కరలేని చోట బ్రష్‌తో ఆ ఆకుపచ్చను తుడిచేస్తే అక్కడి నుంచి ఏమీ తీసుకోదు. దానికి తోడు రంగును ఎంతమేర సర్దాలో చెప్పే Color Adaptation, నమూనాను తిప్పవచ్చో లేదో చెప్పే Rotation Adaptation, పరిమాణం మార్చుకోనిచ్చే Scale, అద్దంలోలా తిప్పనిచ్చే Mirror ఉంటాయి. ఫలితాన్ని కొత్త లేయర్ మీద పెట్టమనవచ్చు.

రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా రెండు చోట్ల తేలుతుంది. రీసింథసైజర్ పిక్సెళ్ళను ఉన్న రంగుతోనే తెస్తుంది, వెలుగు సర్దదు. వెలుగు సమంగా ఉన్న ఇసుక మీద, గడ్డి మీద దాని ఫలితం ఫొటోషాప్‌కు ఏమాత్రం తీసిపోదు. ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ ఉన్న గోడ మీద మాత్రం చీకటి పక్క ముక్క వెలుతురు పక్కకు వచ్చి చేరి మచ్చలా కనిపిస్తుంది. ఇక రెండో తేడా ఏమిటంటే నమూనా ప్రాంతాన్ని ఇష్టం వచ్చిన ఆకారంలో కత్తిరించుకునే వీలు Heal Selection లో లేదు. పట్టీ వెడల్పు, దిక్కు మాత్రమే చేతిలో ఉంటాయి. పక్కనే కిటికీయో మొక్కో ఉంటే దాని ముక్క ఖాళీలోకి రావచ్చు. దీనికి మందు పట్టీని తగ్గించడం, దిక్కును మార్చడం, లేదా ఖాళీని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కోటీ విడిగా నింపడం.

ఒక రాతి గోడ, ఒక పైపు

పల్లెల్లో పాత ఇళ్ళకు కనిపించే రాతి గోడను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఫోనుతో తీసిన 4000 × 3000 పిక్సెళ్ళ ఫొటో. గోడ ఎడమ పక్క ఎండలో ఉండి, కుడికి పోయేకొద్దీ వెలుగు తగ్గుతోంది. దాని మీద నిలువుగా ఒక ప్లాస్టిక్ పైపు, దాదాపు 90 పిక్సెళ్ళ వెడల్పు. పైపుకు కుడి పక్కన 50 పిక్సెళ్ళ నీడ. రాళ్ళ వరసల మధ్య సిమెంటు జాయింట్లు అడ్డంగా పోతూ పైపును ఏడు చోట్ల దాటుతున్నాయి. ఇందులో రాతి గరుకు ఉంది, జాయింటు గీతలు ఉన్నాయి, వెలుగు మార్పు ఉంది. అంటే మొదట చెప్పుకున్న మూడు చిక్కులూ ఒకే చోట చేరాయి.

గింప్‌లో పనికి ముందు Shift+Ctrl+D తో లేయర్‌కు నకలు తీసుకుని, నకలు మీదే పని చేయాలి. ఖాళీ లేయర్ మీద హీల్ చేయబోతే అక్కడ అంచు వెలుగు చదవడానికి పిక్సెళ్ళే ఉండవు కనుక నకలే సురక్షితం. తర్వాత ఎంత మేర తీసేయాలో తేల్చుకోవాలి. పైపు ఒక్కటే తీసేసి నీడను మరిచిపోతే గోడ మీద కారణం లేని నల్ల చార మిగిలిపోతుంది. నీడ అంచు క్రమంగా పలచబడుతుంది కాబట్టి అది పూర్తిగా కనిపించకుండా పోయే చోటు దాకా తీసుకోవాలి. పైపు అంచుకు కూడా ఇంకొంత కలపాలి. ఫోను కెమెరా పదును పెంచడం వల్ల ప్రతి అంచు పక్కనా సన్నటి తెల్ల గీత ఏర్పడుతుంది. జేపెగ్ ఫార్మాట్ బొమ్మను 8 పిక్సెళ్ళ గళ్ళుగా కుదిస్తుంది, పైగా రంగు సమాచారాన్ని తరచుగా సగం వివరంతోనే దాచుకుంటుంది కాబట్టి పైపు రంగు పక్కన పది పదిహేను పిక్సెళ్ళ దాకా పాకి ఉండవచ్చు. అందుకే ప్రతి పక్కా సుమారు 15 పిక్సెళ్ళు పెంచుకుంటే మొత్తం తీసేయవలసిన వెడల్పు 170 దాకా వస్తుంది. మొత్తం పనిలో అన్నిటికన్నా చవకగా దొరికే మెరుగుదల ఇదే. పూడ్చిన చోట చుట్టూ మిగిలే సన్నటి గీతల్లో ఎక్కువ భాగం సెలక్షన్ బిగుతుగా పెట్టడం వల్లే వస్తాయి.

ముందు జాయింట్లు. క్లోన్ టూల్, 120 పిక్సెళ్ళ బ్రష్, హార్డ్‌నెస్ 80, అలైన్‌మెంట్ Aligned. పైపుకు ఎడమ పక్క అదే జాయింటు మీద, సుమారు 250 పిక్సెళ్ళ దూరంలో, గీత సరిగ్గా మధ్యన Ctrl నొక్కి క్లిక్ చేసి సోర్స్ తీసుకోవాలి. తర్వాత పైపు ఎడమ అంచుకు కాస్త ముందు, కనిపిస్తున్న జాయింటు మధ్యనే బ్రష్ పెట్టి కుడికి లాగాలి. కుడి పక్క చేరేసరికి గీత రెండు మూడు పిక్సెళ్ళు పైకో కిందికో తప్పితే అంత ఇబ్బంది లేదు, రాతి గోడ జాయింటు సహజంగా వంకరే. ఎనిమిది పది పిక్సెళ్ళు తప్పితే మాత్రం మెట్టు కనిపిస్తుంది. అప్పుడు సగం ఎడమ పక్క నుంచీ, సగం కుడి పక్క నుంచీ సోర్స్ తీసుకుని రెండూ రాయి మధ్య ప్రాంతంలో కలిసేలా చేయాలి. ఏడు జాయింట్లూ పూర్తయ్యాక పైపు ఏడు గీతల మధ్య ముక్కలు ముక్కలుగా విడిపోయి కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక్కో రాతి ముక్కను ఫ్రీ సెలెక్ట్‌తో చుట్టాలి. పైనా కిందా జాయింటుకు కాస్త దూరంగా, రాయి లోపలే ఉండాలి. Heal Selection లో పట్టీ వెడల్పు 60, నమూనా ఇరుపక్కల నుంచి మాత్రమే, వరస అంచు నుంచి లోపలికి. ఇరుపక్కల నుంచి అని చెప్పడంలో కిటుకు ఏమిటంటే పైనా కిందా ఉన్న సిమెంటు జాయింటు నమూనాలోకి రాదు. అన్ని వైపుల నుంచీ తీసుకోమంటే రాయి మధ్యలో సిమెంటు మచ్చలు మొలుస్తాయి. ముక్కలన్నిటినీ ఒకేసారి చుట్టి నింపమన్నా జరిగేది ఇదే. అందుకే ఒక్కో ముక్క విడిగా చేయాలి. పైపు ఎక్కడైనా రెండు రాళ్ళ మధ్య నిలువు జాయింటును కప్పి ఉంటే, అక్కడ జాయింటు ఉండి తీరాలి. ఒకే వరసలో రెండింతల పొడవు రాయి పుట్టుకొస్తే చూసినవారికి ఏదో తేడాగా అనిపిస్తుంది. అలాంటి చోట గోడలోని మరో నిలువు జాయింటును క్లోన్‌తో తెచ్చి పెట్టాలి.

దీంతో గరుకు, గీతలు కుదిరాయి. మిగిలేది వెలుగు. కుడి వైపు నుంచి వచ్చిన కొన్ని ముక్కలు ముదురుగా, ఎడమ నుంచి వచ్చినవి లేతగా కనిపిస్తాయి. ఇక్కడే హీల్ టూల్ తన సత్తా చూపిస్తుంది. పైపు పోయింది కనుక ఏ బ్రష్ ముద్ర అంచూ దాన్ని తాకదు. బ్రష్ 70, హార్డ్‌నెస్ 90. సోర్స్ అదే రాతిలో, అంతే ఎత్తున ఉన్న చోటు. ముదురు మచ్చ కన్నా బ్రష్ పెద్దదిగా ఉండేలా చూసి, లాగకుండా ఒక్కో చోట ఒక్కసారి నొక్కుతూ పోవాలి. జాయింటు మీదికి బ్రష్ అంచు పోనివ్వకూడదు, పోతే సిమెంటు తెలుపు రాతిలోకి పాకుతుంది. వెలుగు తేడా విశాలంగా పరుచుకుని ఉంటే ఇంకో దారి ఉంది. Filters > Enhance > Wavelet-decompose తో లేయర్‌ను విడదీస్తే గరుకు పై లేయర్లలోకి, నున్నటి వెలుగు అడుగున Residual అనే లేయర్‌లోకి వెళతాయి. ఆ అడుగు లేయర్ మీద మెత్తటి క్లోన్ బ్రష్‌తో వెలుగును సర్దితే గరుకు చెక్కుచెదరదు. ఈ గోడ పనిలో మెత్తటి బ్రష్ పనికొచ్చే చోటు ఇదొక్కటే.

ఫొటోషాప్‌లో ఇదే పనికి పైపునూ నీడనూ కలిపి లాస్సోతో చుట్టి కంటెంట్ అవేర్ ఫిల్ తెరవాలి. నేలా, ఆకాశమూ, గోడ పక్కన మొక్కలూ ఉంటే వాటి మీద ఆకుపచ్చను తుడిచేయాలి. జాయింట్లు అడ్డంగానే ఉండాలి కాబట్టి తిప్పడాన్ని None లో ఉంచాలి, వెలుగు మారుతోంది కాబట్టి రంగు సర్దడాన్ని High కి పెంచి చూడాలి. రాతి ముక్కలు, వెలుగు ఒక్క దెబ్బతో చాలావరకు కుదురుతాయి. ఏడు జాయింట్లలో కొన్ని మాత్రం మెట్లు పడటమో, మధ్యలో ఆగిపోవడమో జరుగుతుంది. వాటిని క్లోన్ స్టాంప్‌తో చేత్తోనే కలపాలి, అచ్చంగా గింప్‌లో చేసినట్టే. చేయి తిరిగినవారికి గింప్‌లో అరగంట దాకా పట్టే పని ఇక్కడ ఐదారు నిమిషాల్లో తెములుతుంది. ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎందులో చేశారో చెప్పడం కష్టం. కొనే ఎడిటర్ ఇక్కడ అమ్మేది ప్రధానంగా సమయాన్ని. గింప్‌లో మనిషి ఆలోచించి పెట్టిన వరసను, అంటే ముక్కలుగా విడగొట్టడం, దిక్కు చెప్పడం, వెలుగు సర్దడం అన్నవాటిని అది లోపలే చాలావరకు చేసేస్తుంది.

క్రమమైన అల్లిక దగ్గర

ఇటుక గోడ, గచ్చు పలకలు, నేసిన చీర వంటివి వేరే లోకం. వీటిలో నమూనా ఒక కచ్చితమైన దూరానికి తిరిగి వస్తుంది. రెండు పిక్సెళ్ళు తప్పినా కన్ను పట్టేస్తుంది. పోచంపల్లి ఇక్కత్ చీర మీద పడి ఉన్న ధర చీటీని తీసేయాలంటే ఆటోమేటిక్ పద్ధతులు గింప్‌లోవైనా, ఫొటోషాప్‌లోవైనా తరచుగా తడబడతాయి. డిజైన్‌లోని వజ్రపు గడి సగానికి తెగడమో, రెండు గడులు అతుక్కుపోవడమో జరుగుతుంది. ఇక్కడ క్లోన్ ఒక్కటే నమ్మదగినది, అందులో రెండు ఎడిటర్లకూ పెద్ద తేడా లేదు. డిజైన్‌లో తేలిగ్గా గుర్తుపట్టగల ఒక మూల, ఉదాహరణకు గడి కొన, సోర్స్‌గా తీసుకుని, చీటీ పక్కన కనిపించే అలాంటి కొన మీదే మొదటి నొక్కు నొక్కాలి. అక్కడి నుంచి Aligned దూరాన్ని కాపాడుతుంది.

చీర మడత వల్ల డిజైన్ ఒరిగి ఉంటే తేడా వస్తుంది. ఫొటోషాప్‌లో క్లోన్ సోర్స్ ప్యానెల్ సోర్స్‌ను కావలసిన కోణంలో తిప్పి, పెంచి, తగ్గించి ఇస్తుంది. గింప్ క్లోన్‌లో ఆ సదుపాయం లేదు. లేయర్‌కు ఇంకో నకలు తీసి, దాన్ని రొటేట్ టూల్‌తో కావలసినంత తిప్పి, ఆ లేయర్ మీద సోర్స్ తీసుకుని, అసలు పని లేయర్ మీద పూయాలి. రెండు మూడు అడుగులు ఎక్కువే కానీ ఫలితం ఒకటే. దూరం పోయేకొద్దీ కుంచించుకుపోయే గచ్చు పలకలకు గింప్‌లో పర్‌స్పెక్టివ్ క్లోన్ అనే టూల్ ఉంది. ముందుగా నేల తీరును నాలుగు మూలలతో చూపిస్తే, దగ్గరి పలకను దూరాన పెట్టేటప్పుడు అదే చిన్నదిగా మారుస్తుంది. ఫొటోషాప్‌లో ఈ పనిని వానిషింగ్ పాయింట్ చేస్తుంది.

నేసిన బట్ట మీద హీల్ టూల్ వాడకపోవడమే మంచిది. దారాల రంగులు పక్కపక్కనే బాగా తేడాగా ఉండటం వల్ల బ్రష్ అంచు ఏదో ఒక ముదురు దారాన్ని తాకి, ఆ రంగును లోపలికి లాగుతుంది. ఎర్ర చీర మీద నల్లటి మబ్బు ఏర్పడితే కారణం అదే.

లోపం ఎలా పట్టుకోవాలి

పని చేస్తున్నప్పుడు 200 శాతం దగ్గరలో చూసినది బాగానే అనిపిస్తుంది. పరీక్ష వేరే దూరాల్లో చేయాలి. 100 శాతంలో గరుకు పదును చూడాలి, మసక వలయాలు, తెల్ల గీతలు అక్కడే తెలుస్తాయి. 25 శాతానికి తగ్గిస్తే గరుకు కనబడకుండా పోయి వెలుగు మచ్చలు, తిరిగి తిరిగి వచ్చే గుర్తులు బయటపడతాయి. ఆ తర్వాత కర్వ్స్‌తో మధ్య వెలుగును చాలా నిటారుగా పెంచి చూడాలి. మామూలుగా కంటికి ఆనని నాలుగైదు అంకెల తేడా కూడా అప్పుడు పెద్ద మచ్చలా లేచి కనిపిస్తుంది. చూశాక ఆ మార్పును Ctrl+Z తో రద్దు చేయాలి. బొమ్మను అడ్డంగా అద్దంలోలా తిప్పి చూస్తే, అంతసేపూ ఒకే తీరున చూసి అలవాటుపడిన కన్ను కొత్తగా చూస్తుంది. పైన పేర్కొన్న రాతి గోడలో ఈ చివరి పరీక్షకే నిలువు జాయింటు లేని పొడవు రాయి దొరికిపోతుంది.

కనిపించిన లోపాన్ని బట్టి మందు. మసక ఉంటే మెత్తటి బ్రష్ వాడారన్నమాట, హార్డ్‌నెస్ పెంచి అక్కడ మళ్ళీ క్లోన్ చేయాలి. మరక ఉంటే హీల్ అంచు ఏదో తేడా రంగును తాకింది, అక్కడ ముందు క్లోన్ చేసి తర్వాత హీల్ చేయాలి. ఒకే గుర్తు రెండు చోట్ల కనిపిస్తే రెండింటిలో కొట్టొచ్చినట్టు ఉన్నదాన్ని వేరే సోర్స్‌తో కప్పాలి. రెండూ తీసేస్తే ఆ చోటు మరీ బోసిగా కనిపించవచ్చు.

డబ్బు పెట్టవలసిన సందర్భం

రోజుకు ఒకటో రెండో ఫొటోలు సరిచేసుకునేవారికి, నేపథ్యం ఇసుకో గోడో గడ్డో అయినప్పుడు, గింప్, రీసింథసైజర్ కలిస్తే చాలు. ఫొటోస్టూడియోలు, ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవారు రోజూ పదుల కొద్దీ ఫొటోలు శుభ్రం చేయవలసి వస్తే లెక్క మారుతుంది. ఫొటోకు పావుగంట మిగిలినా నెల తిరిగేసరికి చందా సొమ్ముకు మించి గిట్టుబాటవుతుంది. నమూనా ప్రాంతాన్ని కత్తిరించుకునే వీలు, ఫలితాన్ని కొత్త లేయర్ మీద పెట్టే వీలు ఇలాంటి వేగమైన పనిలో అక్కరకొస్తాయి.

తీసేయవలసిన వస్తువు వెనుక నిజంగా ఏముందో ఫొటోలో ఎక్కడా లేనప్పుడు ఈ పోలికే వర్తించదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ మనిషిని తీసేస్తే గుమ్మం సగం కొత్తగా పుట్టాలి. హీల్, క్లోన్, రీసింథసైజర్, కంటెంట్ అవేర్ ఫిల్ నాలుగూ ఫొటోలో ఉన్నదాన్నే తిప్పి వాడతాయి కాబట్టి నాలుగూ ఇక్కడ ఆగిపోతాయి. 2023లో ఫొటోషాప్‌లో చేరిన జెనరేటివ్ ఫిల్ లేని గుమ్మాన్ని ఊహించి గీస్తుంది. అలా గీసినది నమ్మశక్యంగా ఉండవచ్చు కానీ అది ఆ ఇంటి గుమ్మం కాదు. పైగా గరుకు మీద దానికి ఒక చిక్కు ఉంది. పెద్ద ఫొటోలో పెద్ద భాగాన్ని నింపమంటే అది తక్కువ వివరంతో గీసి పెద్దది చేసినట్టు వస్తుంది, దాంతో చుట్టూ ఉన్న రాతి గరుకు కన్నా ఆ ముక్క మెత్తగా కనిపిస్తుంది. అలాంటప్పుడు ఆకారాన్ని మాత్రం దాని నుంచి తీసుకుని, పైన అసలు గోడ గరుకును క్లోన్‌తో పూయడం పద్ధతి. అదే గోడను ఇంకో కోణంలో, మనిషి అడ్డం లేకుండా తీసిన రెండో ఫొటో ఉంటే మాత్రం దానికి మించిన సోర్స్ లేదు. దాన్ని గింప్‌లో రెండో లేయర్‌గా తెరిచి, కొలత సరిచేసి, నేరుగా అందులోంచి క్లోన్ చేసుకోవచ్చు.